నాయన పుట్టినప్పుడు తాతకు ఎన్నేళ్లు? పిల్లలకు ఈ లెక్క చెప్పడంలో తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో సాయంత్రం పూట ట్యూషన్ చెప్పేవాళ్లకి ఈ లెక్క బాగా పరిచయం. బడిలో ‘మా కుటుంబం’ అనే ప్రాజెక్టు ఇస్తారు. అందులో ‘మీ నాన్న పుట్టినప్పుడు మీ తాత వయసు ఎంత?’ అని ఒక గడి ఉంటుంది. చూడటానికి ఒక్క తీసివేత. ఇంట్లో నలుగురు చేస్తే మాత్రం రెండు మూడు జవాబులు వస్తాయి. పిల్లల అమ్మానాన్నలు నన్ను అడిగే ప్రశ్నలే ఇక్కడ రాస్తున్నాను. అన్నింటికీ ఒకే కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుందాం. తాతది చిత్తూరు దగ్గర పల్లె, కొడుకూ కోడలూ పిల్లలూ తిరుపతిలో ఉంటారు. తాత 1958 నవంబరు 20న పుట్టాడు. నాయన 1987 మార్చి 5న పుట్టాడు.

అసలు లెక్క ఏంటి? ఒక్క ముక్కలో చెప్పండి.

నాయన పుట్టిన సంవత్సరంలోంచి తాత పుట్టిన సంవత్సరం తీసెయ్యాలి. తర్వాత ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఆ ఏడాదిలో నాయన పుట్టేసరికి తాత పుట్టినరోజు వచ్చేసిందా, ఇంకా రాలేదా? వచ్చేసి ఉంటే వచ్చిన జవాబే జవాబు. రాకపోతే ఒకటి తగ్గించాలి.

మన ఉదాహరణలో 1987లోంచి 1958 తీస్తే 29. నాయన పుట్టింది మార్చిలో. తాత పుట్టినరోజు నవంబరులో. అంటే 1987 మార్చి నాటికి తాతకు ఆ ఏటి పుట్టినరోజు ఇంకా రాలేదు. కాబట్టి 29లో ఒకటి తగ్గించి 28. నాయన పుట్టినప్పుడు తాతకు 28 ఏళ్లు నిండి, 29వ ఏడు నడుస్తోంది.

ఇద్దరూ ఒకే నెలలో పుట్టి ఉంటే తేదీ చూడాలి. తేదీ కూడా ఒకటే అయితే ఆ రోజే తాతకు ఏడు నిండింది కాబట్టి తగ్గించక్కర్లేదు.

తీసివేత చేశాక మళ్లీ ఒకటి తగ్గించడం ఎందుకో పిల్లలకు అర్థం కావడం లేదు. ఎట్లా చెప్పాలి?

సూత్రంలా చెబితే ఎక్కదు. తాత పుట్టినరోజులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టించండి. పుట్టిన రోజున తాత వయసు సున్న. 1959 నవంబరు 20న ఒకటి. 1960 నవంబరు 20న రెండు. ఇట్లా పోతూ పోతూ 1986 నవంబరు 20న 28. ఇక్కడ ఆపి అడగండి: ‘ఇప్పుడు తర్వాతి పుట్టినరోజు ఎప్పుడు?’ 1987 నవంబరు అని పిల్లలే చెప్తారు. ‘మరి అంతకుముందే ఎవరు పుట్టేశారు?’ అంటే ‘నాయన!’ అంటారు. ఇరవై తొమ్మిదో పుట్టినరోజు రాకముందే నాయన వచ్చేశాడు. అందుకే 29 కాదు, 28.

కాగితం మీద అడ్డంగా ఒక గీత గీసి, దాని మీద 1986 నవంబరు, 1987 మార్చి, 1987 నవంబరు అని మూడు చుక్కలు పెడితే చాలు. మొత్తం ముప్పై ఏళ్లూ గీయక్కర్లేదు, తకరారు ఉన్నది ఆ చివరి ముక్కలోనే.

మా పాప వేళ్ల మీద లెక్కపెట్టి 30 అంటోంది. ఎక్కడ పోయింది?

1958ని కూడా ‘ఒకటి’ అని లెక్కపెట్టి ఉంటుంది. 1958 ఒకటి, 1959 రెండు, అట్లా 1987కి వచ్చేసరికి 30 అవుతుంది. సంవత్సరాల పేర్లు లెక్కపెట్టింది గానీ మధ్యలో గడిచిన కాలాన్ని లెక్కపెట్టలేదు. ‘తమ్ముడు పుట్టిన రోజునే వాడికి ఒక ఏడు వచ్చేసిందా?’ అని అడగండి. లేదంటుంది. అయితే 1958 దగ్గర నోటితో ‘సున్న’ అనిపించి, అక్కడి నుంచి మొదలుపెట్టించండి.

మా వాడికి 31 వచ్చింది. ఇదెట్లా?

అది వయసు లెక్కలో తప్పు కాదు, తీసివేతలో తప్పు. 87లోంచి 58 తీసేటప్పుడు ఏడులోంచి ఎనిమిది పోదు. పక్కనుంచి అప్పు తెచ్చుకోవాలి. అది మర్చిపోయి ఎనిమిదిలోంచి ఏడు తీసి ఒకటి రాశాడు. ఎనిమిదిలోంచి అయిదు తీసి మూడు రాశాడు. 31 అయింది. తప్పని పట్టుకోవడం తేలికే: 1958కి 31 కలిపి చూడమనండి. 1989 వస్తుంది. నాయన పుట్టింది 1987లో కదా.

అప్పు తెచ్చుకోవడం ఇంకా పట్టుబడని పిల్లలకు తీసివేత వద్దు, అంగలు వేయించండి. 1958 నుంచి 1960కి రెండు. 1960 నుంచి 1980కి ఇరవై. 1980 నుంచి 1987కి ఏడు. రెండూ ఇరవై ఏడూ కలిపితే 29. నా మటుకు నేను తీసివేతలు బాగా వచ్చిన పిల్లలకు కూడా మొదట ఇదే చెప్తాను. కాలం ముందుకు నడుస్తోందని అంగల్లో కనిపిస్తుంది, తీసివేతలో కనిపించదు. పైగా శతాబ్దం దాటినప్పుడు ఇదే ఆదుకుంటుంది. పాప 2016లో పుట్టింది, నాయన 1987లో పుట్టాడు అంటే, చివరి రెండంకెలు మాత్రమే చూసే పిల్లలు 16లోంచి 87 ఎట్లా తియ్యాలని బిత్తరపోతారు. 1987 నుంచి 2000కి పదమూడు, 2000 నుంచి 2016కి పదహారు, మొత్తం 29 అని అంగలు వేస్తే టెన్షన్ ఉండదు.

పుట్టిన సంవత్సరాలు ఎందుకు? ఇప్పుడున్న వయసుల్లోంచి తీసేస్తే సరిపోదా?

సరిపోతుంది, కానీ ఏ రోజు చేస్తున్నారన్న దాన్ని బట్టి ఒక ఏడు తేడా వస్తుంది. ఇంట్లో గొడవలన్నీ ఇక్కడే మొదలవుతాయి కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

ఇద్దరు మనుషుల మధ్య ఉన్న తేడా ఎప్పటికీ మారదు. తాత నాయనకంటే 28 ఏళ్ల మూడున్నర నెలలు పెద్ద. నాయన పుట్టిన రోజునా అంతే, ఇవాళా అంతే, ఇంకో పదేళ్లకూ అంతే. నాయన పుట్టినప్పుడు తాతకు ఎంత వయసుందో, ఆ తేడాయే ఇది. కాబట్టి ఇప్పటి వయసుల్లోంచి తీసెయ్యవచ్చు అనే ఆలోచన సరైనదే.

చిక్కంతా మనం వయసు చెప్పే పద్ధతిలో ఉంది. మూడున్నర నెలలని వదిలేసి నిండిన ఏళ్లే చెప్తాం. అవి ఇద్దరికీ ఒకే రోజున మారవు. 2025 జూన్‌లో అడిగితే తాతకు 66, నాయనకు 38. తేడా 28. అదే పిల్ల 2026 జనవరిలో అడిగితే తాతకు 67, నాయనకు ఇంకా 38. తేడా 29. జూన్‌లో 28 అని రాసిన పిల్ల జనవరిలో 29 అని రాస్తే టీచరు కొట్టేస్తారు. పాపం ఆ పిల్ల తీసివేతలో తప్పేమీ లేదు.

ఈ కుటుంబంలో ప్రతి ఏటా మార్చి 5 నుంచి నవంబరు 19 దాకా తేడా 28గా ఉంటుంది. నవంబరు 20న తాతకు ఏడు పెరుగుతుంది, అప్పటినుంచి మార్చి 4 దాకా 29గా ఉంటుంది. మార్చి 5న నాయనకు పెరిగి మళ్లీ 28కి వచ్చేస్తుంది. రెండింటిలో మనకు కావలసిన జవాబు నాయన పుట్టినరోజున వచ్చే తేడా. ఎందుకంటే ఆ రోజు నాయన వయసులో మిగులు నెలలేవీ ఉండవు, లెక్క సరిగ్గా పుట్టిన రోజున ఉన్నట్టే ఉంటుంది.

కాబట్టి పిల్లలకు ఇంతకంటే సుళువైన దారి లేదు: నాయన పుట్టినరోజున, కేకు కోసేటప్పుడు, తాతను వయసు అడిగి, అందులోంచి నాయన వయసు తీసెయ్యమనండి. నెలలు చూడక్కర్లేదు, ఒకటి తగ్గించక్కర్లేదు. అమ్మ వైపు తాతకు చెయ్యాలంటే అమ్మ పుట్టినరోజున చెయ్యాలి. తాత పుట్టినరోజున చేస్తే మాత్రం ఒక ఏడు ఎక్కువ వచ్చే ప్రమాదం ఉంది. ప్రాజెక్టు గడువు నాయన పుట్టినరోజు దాకా ఆగదనుకోండి. అప్పుడు ‘పోయిన పుట్టినరోజు నాటికి మీ వయసెంత, తాత వయసెంత?’ అని వెనక్కి తీసుకెళ్లి నాయనను అడగమనండి.

మా అవ్వ ‘మీ తాతకు అప్పుడు ఇరవై తొమ్మిదో ఏడు’ అంటోంది. లెక్కలో 28 వస్తోంది. ఎవరిది రైటు?

ఇద్దరిదీ. పెద్దవాళ్లు నడుస్తున్న ఏడు చెప్తారు, బడిలో నిండిన ఏళ్లు అడుగుతారు. ఇరవై ఎనిమిది నిండితే ఇరవై తొమ్మిదోది నడుస్తున్నట్టే. అవ్వ ఏ వయసు చెప్పినా ‘నిండిందా అవ్వా, నడస్తా ఉందా?’ అని ఎదురు అడగడం పిల్లలకు నేర్పండి. ‘నడస్తా ఉంది’ అంటే ఒకటి తగ్గించి రాసుకోవాలి. ఈ ఒక్క ప్రశ్న అడగకపోవడం వల్లే తాతల వయసు విషయంలో అన్నదమ్ములు కూడా వాదించుకుంటారు.

అవ్వకు పుట్టిన తేదీ తెలియదు. ‘క్రోధి నామ సంవత్సరం, చవితి పండగ అయిన వారానికి’ అంటుంది. దీంతో లెక్క చెయ్యగలమా?

చక్కగా చెయ్యొచ్చు. మామూలు తేదీ చెప్పగలిగినవాళ్లకంటే ఈ అవ్వ తక్కువేమీ చెప్పలేదు.

తెలుగు సంవత్సరాల పేర్లు అరవై. అరవై ఏళ్లకొకసారి అదే పేరు తిరిగి వస్తుంది. 2024 ఉగాదితో క్రోధి మొదలైంది. అరవై వెనక్కి వెళితే 1964 ఉగాదితో మొదలైన క్రోధి. అవ్వ ఆ క్రోధిలో పుట్టింది. వినాయక చవితి ఆగస్టు చివరో సెప్టెంబరులోనో వస్తుంది. అయిన వారానికి అంటే సెప్టెంబరు 1964 అనుకుందాం. నాయన పుట్టింది 1987 మార్చి. 1987లోంచి 1964 తీస్తే 23. సెప్టెంబరు ఇంకా రాలేదు కాబట్టి 22. అవ్వకు కచ్చితమైన తేదీ తెలియకపోయినా జవాబులో అనుమానమేమీ లేదు. వారం అటూ ఇటూ అయినా మార్చికీ చవితికీ మధ్య నెలలకు నెలలు దూరం ఉంది.

ఒక్క జాగ్రత్త. తెలుగు సంవత్సరం ఉగాది నుంచి ఉగాది దాకా. కాబట్టి క్రోధి అనగానే 1964 అని రాసెయ్యకూడదు. అదే క్రోధిలో సంక్రాంతికో శివరాత్రికో పుట్టి ఉంటే అప్పటికి జనవరి వచ్చేసింది కాబట్టి 1965 అవుతుంది. సంవత్సరం పేరుతో పాటు పండగో మాసమో తప్పకుండా అడగాలి.

తాత వైపు ఇంకో ఆధారం ఉంటుంది, షష్టిపూర్తి. అరవై నిండాక చేసుకుంటారు కాబట్టి ఆ ఫొటోల మీద ఉన్న సంవత్సరంలోంచి అరవై తీసేస్తే చాలు. మన తాతకు 2018 కార్తీకంలో జరిగింది. 2018లోంచి 60 పోతే 1958. ఆ ఏడాది పేరు విళంబి, 1958లోనూ విళంబే.

పండగ పేరు ఒక్కటే తెలిస్తే నెల ఎట్లా పట్టాలి?

మన లెక్కకు నెల కచ్చితంగా తెలియక్కర్లేదు, ముందా వెనకా అని తేలితే చాలు. సంక్రాంతి జనవరి. ఉగాది మార్చి, ఏప్రిల్. తిరుపతి గంగ జాతర మేలో. తిరుమల బ్రహ్మోత్సవాలు సెప్టెంబరు, అక్టోబరు. దీపావళి అక్టోబరు, నవంబరు. ఇద్దరి పండగలూ పక్కపక్కన లేనంతవరకు ఇబ్బంది రాదు.

ఇబ్బంది పెట్టేది ముక్కోటి ఏకాదశి. అది కొన్నేళ్లు డిసెంబరులో, కొన్నేళ్లు జనవరిలో వస్తుంది. అవ్వ చెల్లెలు ‘శుభకృతు, ముక్కోటి రోజున’ పుట్టిందనుకోండి. అది 1962 డిసెంబరో 1963 జనవరో పంచాంగం చూస్తే గానీ తెలియదు. అయితే భయపడకండి, రెండు రకాలుగానూ చేసి చూడండి. డిసెంబరు 1962 అయితే, 1987లోంచి తీస్తే 25, మార్చికి డిసెంబరు రాలేదు కాబట్టి 24. జనవరి 1963 అయితే, తీస్తే 24, మార్చికి జనవరి వచ్చేసింది కాబట్టి తగ్గించక్కర్లేదు, 24. జవాబు ఒకటే. కొద్ది రోజుల తేడాకు వయసు ఏడాది మారిపోదు కదా. తప్పు ఎక్కడ వస్తుందంటే, సంవత్సరం 1962 అని ఒక చోటి నుంచి, నెల జనవరి అని ఇంకో చోటి నుంచి తెచ్చి కలిపినప్పుడు. అప్పుడు 25 వస్తుంది. సంవత్సరమూ నెలా ఒకే చోటి నుంచి తీసుకోవాలి.

ఆధార్‌లో ఉన్న తేదీ వాడొచ్చా?

నాయనది వాడొచ్చు, చాలావరకు సరిగ్గానే ఉంటుంది. పెద్దవాళ్ల విషయంలో చూసి వాడండి. తాత ఆధార్‌లో జనవరి 1 అనో జులై 1 అనో ఉంటే ఒకసారి ఆగండి. అది పుట్టిన రోజు కాకపోవచ్చు. తేదీ తెలియక వేసిన అంకె అయ్యుండొచ్చు. పాత రోజుల్లో బడిలో వేసేటప్పుడు వయసు చాలాలని అయ్యవారే ఒక తేదీ రాసేసిన సందర్భాలు మన ఊళ్లలో కొల్లలు. కొన్ని కార్డుల మీద తేదీ అసలు లేకుండా పుట్టిన సంవత్సరం ఒక్కటే ఉంటుంది.

సంవత్సరం ఒక్కటే తెలిస్తే ఒక అంకె చెప్పలేం, రెండు చెప్పాలి. తాత 1958 అని మాత్రమే తెలిస్తే జవాబు ‘28 లేదా 29’. పిల్లలకు అట్లాగే రాయమనండి. గడి చిన్నదని ఒకటే రాయక్కర్లేదు.

రేషన్ కార్డు మీద ఉన్న వయసు ఇంకో ఉచ్చు. అది కార్డు ఇచ్చిన నాటి వయసు, ఇప్పటిది కాదు. కార్డు మీద ఉన్న తేదీ చూసి, ఆ ఏడాదిలోంచి ఆ వయసు తీస్తే పుట్టిన సంవత్సరం దరిదాపుల్లో తెలుస్తుంది.

కాగితాలేవీ లేవు. ఇంట్లో ఇంకేం చూడొచ్చు?

అటక మీది స్టీలు సామాన్లు దించండి. పెళ్లికి చదివించిన బిందెల మీద, చెంబుల మీద ఇచ్చినవాళ్ల పేరూ తేదీ చుక్కలు చుక్కలుగా చెక్కించి ఉంటాయి. చింతపండుతో ఒకసారి తోమి వెలుతురుకు పక్కగా వంచి పట్టుకుంటే అంకెలు కనిపిస్తాయి. మన అవ్వ చెంబు మీద 12-6-83 అని ఉంది. అంటే పెళ్లి 1983 జూన్‌లో. అప్పటికి అవ్వకు 18 నిండి 19వ ఏడు నడుస్తోంది. పెద్దత్త మరుసటి ఏడాది గంగ జాతరప్పుడు పుట్టింది, అంటే 1984 మే. 1984లోంచి 1964 పోతే 20. చవితి ఇంకా రాలేదు కాబట్టి 19. ఆ తర్వాత మూడేళ్లకు నాయన, అవ్వకు 22 ఉన్నప్పుడు. అంకెలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి కాబట్టి అవ్వ చెప్పిన క్రోధిని నమ్మొచ్చు.

జాతకం రాయించిన నోటుబుక్కు ఉంటే ఇంకా మంచిది. అందులో సంవత్సరం, మాసం, తిథి, నక్షత్రం అన్నీ ఉంటాయి. చాలా జాతకాల్లో ఇంగ్లిషు తేదీ కూడా రాస్తారు.

ఊళ్లో జరిగిన పెద్ద సంగతులు కూడా పనికొస్తాయి. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో పెట్టారు. ఎన్టీఆర్ తిరుపతి నుంచి కూడా నిలబడి గెలిచి ముఖ్యమంత్రి అయింది 1983 జనవరిలో. ఇందిరా గాంధీ హత్య 1984 అక్టోబరు 31న. ‘రామారావు గెలిచిన ఏడాది నాకు పెళ్లయింది’ అని అవ్వ అంటే చెంబు మీది 83తో సరిపోయిందా లేదా చూసుకోవచ్చు.

జవాబు తప్పని చూడగానే ఎట్లా తెలుస్తుంది?

తాత వయసు 9 అనో 90 అనో వస్తే పిల్లలే నవ్వి కొట్టేస్తారు. అది సంవత్సరం తప్పు రాయడం వల్ల. పిల్ల పుట్టిన సంవత్సరంలోంచి తాతది తీసేస్తే 57, 58 లాంటివి వస్తాయి. అది ‘నేను పుట్టినప్పుడు తాత వయసు’, అడిగింది అది కాదు. ఇంకొందరు నాయన వయసులోంచి తమ వయసు తీసేసి ఇస్తారు. అంకె నమ్మేలాగే ఉంటుంది కాబట్టి దాన్ని పట్టుకోవడమే కష్టం. అందుకే జవాబు పక్కన ఒక పూర్తి వాక్యం రాయించండి: ‘నాయన పుట్టిన రోజున తాతకు 28 ఏళ్లు.’ వాక్యంలో ఇద్దరి పేర్లు సరైన చోట పడకపోతే పిల్లలకే తడుతుంది.

అవ్వ వయసు 15, 16 వచ్చింది. పిల్లలకు ఏం చెప్పాలి?

ముందు తేదీలు సరిచూడండి, ఆధార్‌లో వయసు తగ్గి పడి ఉండొచ్చు. సరిచూసినా అంతే వస్తే అది నిజమే అయ్యుండొచ్చు. ఆడపిల్లల పెళ్లి వయసు చట్టంలో 18కి పెంచింది 1978లో. అంతకుముందు 15 ఉండేది. చిన్నప్పుడే పెళ్లి చేసేసేవాళ్లు, ఇప్పుడు అట్లా చెయ్యకూడదని చట్టం ఉంది అని మామూలుగా చెప్పండి. అంకెను దాచి 18 అని రాయించడం నాకు నచ్చదు. అయితే ఆ గడి క్లాసులో అందరి ముందూ చదివిస్తారని తెలిస్తే, రాయాలా వద్దా అని అవ్వనే అడగండి. అది ఆవిడ సంగతి.

తాత, నాయన, నేను: మూడు తరాలకూ లెక్క కలిపి సరిచూడొచ్చా?

చూడొచ్చు, ఇందులో ఒక తమాషా కూడా ఉంది. పాప 2016 ఆగస్టు 10న పుట్టింది. అప్పుడు నాయనకు 29. నాయన పుట్టినప్పుడు తాతకు 28. రెండూ కలిపితే 57. నేరుగా లెక్కేసినా పాప పుట్టినప్పుడు తాతకు 57. బాగుంది.

తమ్ముడు 2018 డిసెంబరు 10న పుట్టాడు. అప్పుడు నాయనకు 31. దానికి 28 కలిపితే 59. కానీ తాతకు అప్పటికే షష్టిపూర్తి అయిపోయింది, 60 నిండాయి! పాప కళ్లు పెద్దవి చేసుకుని ‘లెక్క తప్పింది’ అంటుంది. తప్పలేదు. 28 పక్కన మనం వదిలేసిన మూడున్నర నెలలూ, 31 పక్కన వదిలేసిన తొమ్మిది నెలలూ కలిసి పన్నెండు దాటాయి. ఒక ఏడు పుట్టుకొచ్చింది. నెలలతో సహా కూడితే 60 ఏళ్లూ కొద్ది రోజులూ వస్తుంది. అయిదో తరగతి పిల్లలకు ఇది చెప్పండి. మూడో తరగతి వాళ్లకు ‘ఒకటి తేడా రావచ్చు’ అని వదిలెయ్యండి.

కంప్యూటర్‌లో సరిచూసుకోవచ్చా?

ఎక్సెల్‌లో ఈ ఒక్క గడి చాలు:

```
=DATEDIF(DATE(1958,11,20),DATE(1987,3,5),"Y")
```

28 వస్తుంది. చివర `"Y"` బదులు `"YM"` పెడితే మిగులు నెలలు వస్తాయి, ఇక్కడ 3. పెద్ద తేదీ వెనక, చిన్న తేదీ ముందు ఉండాలి, తిరగేస్తే లోపం చూపిస్తుంది. పిల్లలు చేతితో చేశాకే ఇది చూపించండి.

ముత్తాత లెక్క కూడా అడుగుతున్నాడు. ఆయన పుట్టిన ఏడాది ఎవరికీ తెలియదు.

పుట్టిన ఏడాది తెలియకపోయినా ఒక సంగతి తెలిసినా చాలు. ‘కొండకు బస్సు రోడ్డు పడినప్పుడు మా నాయనకు అప్పుడప్పుడే మీసాలు వస్తా ఉన్నాయంట’ అని తాత అంటాడనుకోండి. ఘాట్ రోడ్డు 1944 ఏప్రిల్‌లో మొదలైంది. మీసాలు వచ్చే వయసు 15 నుంచి 17 అనుకుందాం. తాత పుట్టింది 1958 నవంబరులో, అంటే పద్నాలుగేళ్ల ఏడు నెలల తర్వాత. 15కి పద్నాలుగున్నర కలిపితే 29 దాటింది, 17కి కలిపితే 31 దాటింది. ‘మా తాత పుట్టినప్పుడు ముత్తాతకు సుమారు 29 నుంచి 32 ఏళ్లు’ అని రాయమనండి. ‘సుమారు’ అన్న మాట మాత్రం వదలొద్దు. ఎట్లా తెలిసిందని టీచరు అడిగితే ఘాట్ రోడ్డు సంగతి చెప్పమనండి.